క్విజ్ క్లబ్ జట్లకు ఒకే కోవ పేర్లు కావాలి, కానీ మైకులో అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి

తిరుపతి_క్విజ్_పిల్లోడు
మాది తిరుపతిలో డిగ్రీ కాలేజీ. ఈ ఏడాది క్విజ్ క్లబ్ సెక్రటరీ పని నా మీద పడింది. మొత్తం ఆరు జట్లు. పోయినేడాది వరకు ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఒక జట్టు మేధావులు, ఇంకొకటి స్పార్క్, మరొకటి గూగ్లీ. బోర్డు మీద రాస్తే సంతలా ఉండేది. ఈసారి ఆరు పేర్లూ ఒకే విషయానికి చెందాలి, పలికితే ఒకేలా మోగాలి అని పట్టుబట్టాను.

మనూరు కాబట్టి ఏడుకొండలే ముందు తట్టాయి. నీలాద్రిని వదిలి మిగతా ఆరూ తీసుకున్నాం. శేషాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. పోస్టర్ మీద చూస్తే నాకే ముచ్చటేసింది.

మొన్న ప్రాక్టీస్ రౌండ్‌లో దెబ్బ తిన్నాం. సెమినార్ హాలులో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మైకు పాతది. వెనకాల కూర్చుని స్కోరు రాసే తమ్ముడికి "ద్రికి పది" అన్నంత వరకే వినిపించింది. గరుడాద్రి పాయింట్లు రెండుసార్లు వృషభాద్రికి వేశాడు. చివర్లో పెద్ద గొడవ. దానికి తోడు మా యాంకర్ అమ్మాయి "వేంకటాద్రి ఎలిమినేట్ అయ్యింది అని నా నోటితో నేను అనలేను" అని కూర్చుంది. ఆ మాట నాకూ మనసులో గుచ్చుకుంది.

ఒకే కోవ ఉండాలి, ఒకే మోత ఉండాలి, మైకులో విడిగా వినపడాలి. మూడూ కుదిరే దారి ఉందా? పది రోజుల్లో సీజన్ మొదలు.

రేణిగుంట_జంక్షన్
నారాయణాద్రి, వేంకటాద్రి, శేషాద్రి మూడూ రైళ్ళ పేర్లు కూడా. "వేంకటాద్రి వెనకబడింది" అంటే మా రేణిగుంటోళ్ళం ఎన్ని గంటలు లేటు అని అడుగుతాం.

కుప్పం_కుమార్
క్విజ్‌కి జీకే ప్రశ్నలు కావాలంటే చెప్పు తమ్ముడూ. నా దగ్గర గ్రూప్ 2కి రాసుకున్న నోట్సు మూడు పుస్తకాలు ఉన్నాయి. నదులు, జలపాతాలు, అవార్డులు అన్నీ ఉన్నాయి.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
కుమారన్నా, ప్రశ్నలు కాదు, జట్లకు పేర్లు. కానీ నోట్సు సంగతి మర్చిపోను, సెమీ ఫైనల్‌కి అడుగుతా.

దామలచెరువు_మామిడి
చిత్తూరు జిల్లా అంటే మామిడి కదప్పా. పెద్దరసం, చిన్నరసం, చెరకురసం. అన్నీ రసంతోనే ముగుస్తాయి. మా ఊరి క్రికెట్ టోర్నీలో నాలుగేళ్ళుగా మామిడి పేర్లే. తోతాపురి జట్టు రెండుసార్లు కప్పు కొట్టింది. దేవుడి పేరు కాదు కాబట్టి ఓడిపోయినా ఎవరికీ బాధ లేదు.

స్కోరర్_శిరీష
రసాల పేర్లు నోరూరిస్తాయి గానీ ఇబ్బంది అదే మళ్ళీ వస్తుంది. నేను మూడేళ్ళు స్కోరు రాశాను కాబట్టి చెప్తున్నా. స్కోరు రాసేవాళ్ళం పేరంతా రాయం, తొలి అక్షరమే రాస్తాం. చిన్నరసం, చెరకురసం రెండూ "చ" దగ్గరే మొదలవుతాయి. తొందరలో చి, చె పక్కపక్కన రాస్తే ఏది ఏదో నాకే తెలియదు.

మదనపల్లె_మౌనిక
తొలి అక్షరం ఒకటే ఉంటేనే అందం. మేము పోయినేడాది అన్నీ "ప్ర"తో పెట్టుకున్నాం. ప్రజ్ఞ, ప్రతిభ, ప్రణవ, ప్రగతి, ప్రభాత. పోస్టర్ చూసి ప్రిన్సిపాల్ గారు కూడా మెచ్చుకున్నారు. తెలుగులో యతి అంటే కూడా ఇదే కదా, మొదటి అక్షరం కలవడం. మాకైతే ఏ గొడవా రాలేదు.

స్కోరర్_శిరీష
మౌనికా, మీకు స్కోరు ఎవరు రాశారు? తెర మీద వేశారా, బోర్డు మీదా?

మదనపల్లె_మౌనిక
తెర మీద. ఒక్కో జట్టుకు ఒక్కో రంగు. అందుకే ఇబ్బంది రాలేదేమో. కానీ పేర్లు బాగుండటం వేరు, స్కోరు రాయడం వేరు కదా.

చిత్తూరు_ఛందస్సు
చిత్తూరులో ఇరవై తొమ్మిదేళ్ళు ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే దీనికి జవాబు మన ఛందస్సులోనే ఉంది.

ముందు ఏడుకొండల పేర్లు ఎందుకు దెబ్బతీశాయో చూద్దాం. గరుడాద్రి, వృషభాద్రి పైకి పలకండి. రెండింటిలోనూ రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. నడక ఒకటే, ముగింపు ఒకటే. చెవికి తేడా చెప్పేది ముఖ్యంగా మొదటి రెండక్షరాలే. అవి లఘువులు, అంటే నోట్లో చటుక్కున అయిపోతాయి. ఫ్యాను మోతలో ముందు పోయేవి అవే. పోనీ ఆరింటికీ నడక ఒకటేనా అంటే అదీ లేదు. శేషాద్రి మూడక్షరాలు, నారాయణాద్రి అయిదు. కాబట్టి మీ జాబితాలో తోక కలిసింది గానీ నడక కలవలేదు. ఒకేలా మోగడం అంటే తోక కలవడమొక్కటే కాదు నాయనా.

కాబట్టి ఏది కలపాలో, ఏది విడదీయాలో ముందే తేల్చుకోవాలి. నా సలహా ఇది. అక్షరాల సంఖ్య, గురులఘువుల నడక, చివరి అచ్చు, ఈ మూడూ కలపండి. తొలి అక్షరం గురువుగా పెట్టండి, అది మాత్రం ఒక్కో పేరుకు దూరదూరంగా ఉండాలి. గురువు లాగి పలుకుతాం కాబట్టి మైకులో నిలబడుతుంది. బడిలో చదివిన యమాతారాజభానసలగం గుర్తుందా? అందులో "భానస", అంటే భగణం, మీ పనికి సరిగ్గా సరిపోతుంది. గురువు మొదట, తర్వాత రెండు లఘువులు. పిలుపు మొదట్లోనే బలంగా తగులుతుంది.

ఇక మౌనిక గారి మాట. యతి అంటే అదే అక్షరం రావడం ఒక్కటే కాదమ్మా. దగ్గరగా పలికే అక్షరాలను మన లాక్షణికులు చుట్టాలుగా కలిపారు. క ఖ గ ఘ ఒక ఇల్లు. చ ఛ జ ఝ, శ ష స ఒక ఇల్లు. త థ ద ధ ఒకటి. ప ఫ బ భ వ ఒకటి. హల్లుతో పాటు అచ్చు కూడా కలిస్తేనే యతి చెల్లుతుంది. ఆ చుట్టరికం ఎందుకు కుదిరింది? చెవికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి. పద్యానికి ఆ దగ్గరతనం కావాలి, మీ క్విజ్‌కు అదే శత్రువు. కాబట్టి యతి పట్టికను తిరగేసి వాడండి. ఏ రెండు జట్ల తొలి అక్షరాలకూ యతి కుదరకూడదు. వృషభాద్రి, వేంకటాద్రి రెండూ మీ జాబితాలో ఉన్నాయి చూశారా? వృ, వే యతి మిత్రులు.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
మాస్టారూ, యతిని తిరగేసి వాడటం అనేది నా బుర్రకు ఎప్పటికీ తట్టేది కాదు. రాత్రంతా భగణం పదాల కోసం వెతుకుతా.

మదనపల్లె_మౌనిక
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటా, యతి గురించి నాకు సగమే తెలుసు. కానీ పోస్టర్ మీద "ప్ర" వరస ఇచ్చే అందం ఈ పద్ధతిలో రాదు. ఆ మాట మీద నేను నిలబడతా.

చిత్తూరు_ఛందస్సు
కంటికి మీ పద్ధతే బాగుంటుందమ్మా, కాదనను. తెర ఉండి, రంగులు ఉండి, పేరు చెవితో పని లేకపోతే అలాగే పెట్టుకోవచ్చు. ఈ అబ్బాయికి ఉన్నది పాత మైకు, తెల్ల బోర్డు.

పీలేరు_వీణ
నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నా. భగణం అనగానే నాకు రాగాలు గుర్తొచ్చాయి. భైరవి, మాళవి, ఆరభి, రేవతి, నాయకి, ఘూర్జరి. ఆరూ రాగాల పేర్లే, ఆరూ మూడక్షరాలు, అన్నీ "ఇ"తో ముగుస్తాయి. అన్నమయ్య రాగిరేకులు దొరికిన కొండ కింద ఊరు మీది, రాగాల కంటే మంచి కోవ ఏముంటుంది? మాస్టారూ, గణాలు మీరు ఒకసారి చూడండి.

చిత్తూరు_ఛందస్సు
భై గురువు, ర, వి లఘువులు. మా గురువు, ళ, వి లఘువులు. ఘూర్జరిలో దీర్ఘం ఉంది, దాని మీద "ర్జ" కూడా ఉంది, అయినా గురువు ఒకటే. ఆరూ భగణాలే. తొలి అక్షరాలు భై, మా, ఆ, రే, నా, ఘూ. ఏ రెండింటికీ యతి కుదరదు. అమ్మా, నా మాట కంటే ముందు మీరు జాబితా తయారు చేసేశారు. చాలా బాగుంది.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
వీణక్కా, కాళ్ళకు దండం. ఇంకేం ఆలోచించను, ఇదే ఖాయం.

స్కోరర్_శిరీష
తొందరపడకు. కాగితం మీద చూసి ఖాయం చేస్తే మళ్ళీ మొన్నటి గొడవే. ఒక పరీక్ష పెట్టు. ఒక్కో పేరును అయిదు చీటీల మీద రాయి, మొత్తం ముప్పై చీటీలు. డబ్బాలో వేసి కలుపు. యాంకర్ ఒక్కొక్కటి తీసి, ఆట రోజు ఎలా అంటుందో అలాగే "ఫలానాకి పది" అనాలి. ఉత్త పేరు పలికితే లాభం లేదు. ఫ్యాన్లు వేయాలి, అదే మైకు పెట్టాలి. స్కోరు రాసే పిల్లవాడు ఆఖరి బెంచీలో కూర్చుని యాంకర్ ముఖం చూడకుండా రాయాలి, పెదాలు చూస్తే ఊహించేస్తాడు. తర్వాత రెండు జాబితాలూ పక్కన పెట్టి చూడు. ఎన్ని తప్పులన్నది అంత ముఖ్యం కాదు, ఏ పేరును ఏ పేరుగా విన్నాడో అది చూడు. తప్పులు ఎప్పుడూ జంటలుగా వస్తాయి.

దామలచెరువు_మామిడి
ఇంత పరీక్ష మా క్రికెట్ టోర్నీకి కూడా పెట్టలేదు. అయినా మా దగ్గర కామెంటరీ చెప్పేవాడి గొంతు మైకు లేకపోయినా పక్కూరికి వినపడుతుంది.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
సాయంత్రం అక్క చెప్పినట్టే చేశాం. ముప్పై చీటీలు, ఏడు తప్పులు. వాటిలో నాలుగు భైరవి, మాళవి మధ్య. రెండు భైరవి, ఆరభి మధ్య. ఒకటి రేవతిని వేరేగా విన్నాడు. నాయకి, ఘూర్జరి ఒక్కసారి కూడా తప్పలేదు. యతి కుదరకుండా చూసుకున్నాం కదా, మరి భైరవి ఎందుకు ఇన్నిసార్లు పోయింది?

చిత్తూరు_ఛందస్సు
నా తప్పు ఉంది నాయనా. నేను తొలి అక్షరమే చూశాను, వెనక రెండు అక్షరాలు చూడలేదు. భైరవి, మాళవి, ఆరభి వరసగా పలకండి. రవి, ళవి, రభి. వెనక భాగం దాదాపు ఒకటే అయిపోయింది. పైగా భ, మ రెండూ పెదాలు కలిపి పలికేవే. యతిలో భై, మాలకు చుట్టరికం లేదు గానీ, పాడు మైకు ఆ పట్టిక చదువుకోలేదు కదా. నడక, చివరి అచ్చు కలవాలి. నడిమి అక్షరం, చివరి హల్లు మాత్రం వేరుగా ఉండాలి. నాయకి ఎందుకు నిలబడిందో చూడండి. "యకి" అనే ముక్క ఇంకే పేరులోనూ లేదు.

పీలేరు_వీణ
అయితే మాళవి, ఆరభి తీసేసి భైరవిని ఉంచుదాం. ఆరభి బదులు ఆహిరి పెట్టొచ్చు. ఆ, హి, రి. అదీ భగణమే.

రేణిగుంట_జంక్షన్
పొద్దున్నే ఆహిరి పాడితే ఆ రోజు అన్నం పుట్టదంటారు. మా నాయనమ్మ మా అత్తను పాడనిచ్చేది కాదు. మీ క్విజ్ పొద్దున పది గంటలకైతే ఆ జట్టోళ్ళకు మధ్యాహ్నం భోజనం సంగతి చూసుకోండి.

పీలేరు_వీణ
ఆ నమ్మకం మా గురువు గారు కూడా చెప్పారు. అయినా ఆహిరి నాకు చాలా ఇష్టమైన రాగం, దానిలో ఉన్న ఆర్తి ఇంకెక్కడా రాదు. అన్నమయ్య రేకుల్లో కూడా ఉంది. పాడటం లేదు కదా, పిలవడమే కదా.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
ఆహిరి పేరు ఆ జట్టుకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే పెడతా. ఇంకో ఇబ్బంది ఉంది. మా సెకండియర్ జట్టులో రేవతి అనే అమ్మాయి ఉంది. పరీక్ష జరుగుతుంటేనే మా వాళ్ళు "రేవతికి పది" అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. అలాంటి పేరు నేను పెట్టను.

స్కోరర్_శిరీష
మంచి పని చేస్తున్నావు. ఇది చాలామందికి తట్టదు. జాబితా ఖాయం చేసేముందు అన్ని జట్ల పిల్లల పేర్లు ఒకసారి చూసుకో. రాగాల్లో సగం ఆడపిల్లల పేర్లే.

పీలేరు_వీణ
రేవతి బదులు రంజని తీసుకోండి. రం గురువు, జ, ని లఘువులు. అన్నమయ్య కోవ అని గట్టిగా అనుకుంటే రేవతి ఎలాగూ పోవాలి. "నానాటి బదుకు నాటకము" ఇప్పుడు అందరూ రేవతిలోనే పాడతారు గానీ, నేను చూసిన రేకుల్లో రేవతి పేరు లేదు, అది తర్వాత కట్టిన వరస. ఆ లెక్కన రంజని, నాయకి కూడా ఆగవు. అందుకే కోవను "అన్నమయ్య రాగాలు" అనకుండా "రాగాలు" అని మాత్రమే పెట్టండి. పోస్టర్ మీద అన్నమయ్య బొమ్మ వేసి రంజని రాస్తే, తెలిసినవాళ్ళు అడుగుతారు.

కుప్పం_కుమార్
ఘూర్జరి పలకడానికి నాకే రెండుసార్లు తడబడింది. యాంకర్ పలుకుతుందా?

పీలేరు_వీణ
రేకుల్లో అదే రాగం గుజ్జరి అని ఉంటుంది. తెలుగు నోటికి అదే సులువు. గు తర్వాత "జ్జ" ఉంది కాబట్టి గు గురువే అవుతుంది కదా మాస్టారూ?

చిత్తూరు_ఛందస్సు
అవుతుందమ్మా. ద్విత్వం ముందున్న అక్షరం గురువే. భగణం చెడలేదు. పైగా "గుజ్" అని నొక్కి పలుకుతాం కాబట్టి మైకులో ఇంకా బాగా తగులుతుంది. ఒక్కటి గమనించండి. గుజ్జరి, రంజని రెండింటిలో నడిమి అక్షరం జ. రెండోసారి పరీక్షలో ఆ జంట మీద కన్నేసి ఉంచండి.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
ఇప్పటికి భైరవి, నాయకి, ఆహిరి, గుజ్జరి, రంజని. అయిదు. ఆరోది కావాలి. నాయకి పేరు మగపిల్లల జట్టుకు వస్తే ఒప్పుకుంటారా అని భయపడ్డా. థర్డియర్ వాళ్ళు "రాగం పేరు కదన్నా, మాకే ఇవ్వు" అని తీసుకున్నారు.

చిత్తూరు_ఛందస్సు
ఖాళీగా ఉన్న ఇళ్ళు చూడండి. భై పకారపు ఇల్లు, నా నకారం, ఆ అచ్చు, గు కకారపు ఇల్లు, రం రేఫ. చ, స ఇల్లు ఖాళీ. త, ద ఇల్లు ఖాళీ. మ ఖాళీ. ఆరో పేరు ఈ మూడింటిలోనే వెతకాలి.

పీలేరు_వీణ
స ఇంట్లో సైంధవి ఉంది, భగణమే. కానీ "ధవి" మళ్ళీ భైరవి దగ్గరికి వెళ్తుంది. సురటి ఉంది, అది మూడూ లఘువులే. సావేరి, ధన్యాసి రెండింటిలోనూ రెండు గురువులు, ఒక లఘువు. మోహన ఉంది, నడక సరిగ్గా భగణమే, కానీ "అ"తో ముగుస్తుంది. అన్నీ కుదిరేది నాకు దొరకలేదు. ఒకటి వదులుకోవాలి. నేనైతే ధన్యాసి అంటాను. వినేవాళ్ళు గణాలు లెక్కపెట్టరు, తోక కలిసిందా లేదా అనే చూస్తారు.

చిత్తూరు_ఛందస్సు
నేను మోహన వైపు ఉంటాను. అయిదు పేర్లు ఒక నడకలో వచ్చి ఆరోది రెండో అక్షరం దగ్గర సాగితే, పిలిచేటప్పుడు లయ తప్పుతుంది. వరసగా చదవండి. భైరవి, నాయకి, ఆహిరి, గుజ్జరి, రంజని, ధన్యాసి. మెట్టు తప్పినట్టు లేదూ?

స్కోరర్_శిరీష
మాస్టారూ, ఒక మాట. ఇతో ముగిసే పేర్లకు "కి" వస్తుంది, అతో ముగిస్తే "కు" వస్తుంది. భైరవికి పది, నాయకికి పది, మోహనకు పది. యాంకర్ ఆటంతా అనేది ఆ విభక్తితోనే కదా. మోహన పెడితే ఆ ఒక్కటీ వేరుగా వినిపిస్తుంది. మీ లయ అక్కడ తప్పుతుంది.

చిత్తూరు_ఛందస్సు
ఇది నేను ఆలోచించలేదమ్మా. స్కోరు రాసిన చెవికి తెలిసిన సంగతి ఇది. నాయకికి అనేటప్పుడు రెండు "కి"లు పక్కపక్కన వస్తున్నాయి, అది మాత్రం కొంచెం నాలుకకు అడ్డం.

దామలచెరువు_మామిడి
ధన్యాసి అంటే మా ఊళ్ళో సన్యాసి అని వింటారు. పాపం ఆ జట్టు.

పీలేరు_వీణ
అబ్బా, అది నిజమే. రేకుల్లో ధన్నాసి అని ఉంటుంది, అదైనా అంతే వినిపిస్తుంది.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
ఈ రోజు రెండు పరీక్షలు పెట్టాం. ముప్పై చీటీలు ధన్యాసితో, ముప్పై చీటీలు మోహనతో. స్కోరు రాసేవాడు కూడా మారాడు, ఎందుకంటే పాత తమ్ముడికి పేర్లు చెవికి అలవాటైపోయాయి.

ధన్యాసితో ఒకే తప్పు. గుజ్జరిని రంజనిగా విన్నాడు. మాస్టారు చెప్పిన జంటే. మోహనతో ఒక్క తప్పూ లేదు. శిరీషక్క భయపడినట్టు "కు" దగ్గర తేడా వినిపిస్తుందా అని చూశాం. యాంకర్ అయిదుసార్లలో మూడుసార్లు "మోహనకి" అనేసింది, ఎవరూ పట్టించుకోలేదు. ధన్యాసి అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వారు.

స్కోరర్_శిరీష
అయితే చెవికి మోహనే గెలిచింది. నేను ఒప్పుకుంటా. గుజ్జరి, రంజని జట్లను ఒకే రౌండ్‌లో పక్కపక్క టేబుళ్ళలో కూర్చోబెట్టకు. ఆ ఒక్క తప్పు రాకుండా అది చాలు.

పీలేరు_వీణ
నేను ఒప్పుకోను. ఆరింటిలో అయిదు "ఇ"తో ముగిసి ఒకటి "అ"తో ముగిస్తే, పోస్టర్ చూసిన ప్రతివాళ్ళూ మోహన ఎందుకు అలా ఉంది అని అడుగుతారు. సావేరితో ఒక్కసారి పరీక్ష పెట్టి చూడండి, నా కోసం. నవ్వు రాదు, "కి" కూడా కుదురుతుంది.

చిత్తూరు_ఛందస్సు
ఆహిరి, గుజ్జరి, సావేరి మూడింటికీ తోకలో "రి" ఉంది. పెట్టి చూడండి, చీటీలే చెప్తాయి.

మదనపల్లె_మౌనిక
మీ పద్ధతి చూసి మా "ప్ర" జాబితాకు కూడా చీటీల పరీక్ష పెట్టాను, తెర ఆపేసి. ముప్పైలో పదమూడు తప్పులు. ప్రగతి, ప్రతిభ అయితే ఒకదానికొకటి పోయాయి. తెర పోయిన రోజు మాకు కష్టమే.

తిరుపతి_క్విజ్_పిల్లోడు
వీణక్కా, సావేరి చీటీలు రాశాను, రేపు మధ్యాహ్నం క్లాసు అయ్యాక పెడతాం. ఆరో జట్టు ఫస్టియర్ వాళ్ళది. మోహన, సావేరి రెండూ చెప్పాను, పరీక్ష చూసి వాళ్ళే ఎంచుకుంటామన్నారు. ఆహిరి జట్టు కూడా ఒప్పుకుంది. పొద్దున టిఫిన్ గట్టిగా తినేసి వస్తారట.